పడుగు జాగ

“ఆ గోడ పక్క జాగ ఎవరిదో తేలిందా, బిడ్డా?” సంఘం ఆఫీసు గడపలోనే నిలబడి అడిగింది పోశవ్వ.

కొత్తవాడ జంపఖానాల సంఘం సెక్రటరీ కృష్ణమోహన్ తల వంచుకున్నాడు. ఏండ్లుగా వాడుతున్నాం కాబట్టి జాగ సంఘానిదేనని ఆమెతో కొట్లాడింది తనే. పొద్దున బీరువాలో పాత మినిట్స్ పుస్తకం దొరికింది.

“నీదే, అవ్వా. ఇగో, సభ్యులందరూ సంతకాలు పెట్టిన తీర్మానం. ‘మగ్గాల పడుగు నూలు చాపుకొనుటకు వెంకటరాజం తన జాగను సంఘానికి వాడుకోనిచ్చినాడు. సంఘంలో ఆఖరి మగ్గం ఆగిననాడు జాగ తిరిగి ఆయనదే.’”

“మా ఆయనిచ్చిండా? నాకు ఒక్కనాడు చెప్పలే!”

పోశవ్వ లోపలికొచ్చి, తీర్మానం కింద భర్త సంతకాన్ని వేలితో తడిమింది.

“అందరు మగ్గాలు అమ్ముకున్నా ఈయన మగ్గం దిగకపోయె. దమ్ముతోని ఆయాసపడుకుంటనే నేసిండు. ఎవల కోసమని రోజూ తిట్టేదాన్ని. ఈ జాగ సంఘం చేతిలనే ఉండాలెననా, బిడ్డా?”

కృష్ణమోహన్ పుస్తకంలో కొత్త పేజీ తీసి పెన్ను పట్టుకున్నాడు.

“జాగ తిరిగిస్తున్నట్టు తీర్మానం రాయాలె, అవ్వా. ఆఖరి మగ్గం ఆగిన తారీకు...”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆయన దినాల కార్డు మీద పోయిన తారీకని ఉన్నదే రాయి.”