ఏ చిన్న సమస్య ఉన్నా చెప్పండి

"అమ్మా, స్కూల్లో ఇచ్చారు. కింద ముక్క కత్తిరించి, రాసి, గురువారం లోపల ఇచ్చేయాలట."

మూడో తరగతి చదివే కొడుకు ఉత్తరాన్ని కుట్టుమిషను మీద పెట్టి వెళ్ళిపోయాడు. టైలరమ్మ మిషను ఆపి చదివింది.

"తల్లిదండ్రులకు నమస్కారం. శనివారం ఉదయం పది గంటలకు జరిగే సమావేశానికి మీ అందరికీ స్వాగతం. ముందు తరగతి గదుల్లో మీ పిల్లల పుస్తకాలు, మార్కులు చూడండి. తర్వాత వరండాలో అందరం కలిసి మాట్లాడుకుందాం. బడి విషయమైనా, పిల్లల చదువుకు అడ్డొస్తున్న ఇంటి విషయమైనా, ఏ చిన్న సమస్య ఉన్నా సంకోచించకుండా రాయండి. నలుగురిలో చెప్పలేనిది నా గదిలో, క్లాసు టీచరు సమక్షంలో వింటాను. ఎవరి చీటీనీ బయట చదవను."

కింద ప్రధానోపాధ్యాయుడి సంతకం ఉంది.

"ఎంత చక్కగా రాశాడు మహానుభావుడు!" అని మూతి విరిచింది టైలరమ్మ.

కిటికీలోంచి పక్కింటి పిన్ని తొంగిచూసింది. "మీ ఆయన ఇంకా రాలేదా? నిన్న బేకరీలో కూర్చుని ఉన్నాడమ్మా. ఆ బేకరీ ఆవిడ పొగలు కక్కే టీ తెచ్చి చేతికిచ్చింది. నాకెందుకులే గానీ, కనిపించింది చెప్తున్నా."

టైలరమ్మ ఒళ్ళు భగ్గుమంది. తను పెట్టిన టీ రోజూ గిన్నెలోనే చల్లారిపోతోంది.

చీకటి పడ్డాక భర్త వచ్చాడు. చేతిలో బిస్కెట్ల పొట్లం ఉంది.

"బేకరీ నుంచేనా?"

"వాళ్ళబ్బాయికి భాగహారం తలకెక్కడం లేదు. తండ్రి లేని పిల్లాడు, జాలేస్తుంది."

"మనవాడికి తండ్రి ఉన్నాడుగా, అదీ వాడి ఖర్మ!"

అతను నవ్వేశాడు. "నీకు ప్రతిదీ అనుమానమే."

"శనివారం బడిలో మీటింగు. ఉత్తరం చూశారా?"

"చూశాను. అయినా మనవాడికేం, వాడు తెలివైనవాడు. ఎవరూ చెప్పక్కర్లేదు," అంటూ పడక్కుర్చీలో వాలాడు. కొడుకు తన పలక మీది లెక్కను అరచేత్తో తుడిచేసి, లోపలికెళ్ళి పడుకున్నాడు. అది చూసి ఆమెకు ఏడుపొచ్చింది. బేకరీ ఆవిడ తన మొగుణ్ణి ఎగరేసుకుపోతుందన్న భయం కన్నా, ఆవిడ కొడుకు తన కొడుకు తండ్రిని కాజేశాడన్న కుళ్ళే ఆమెను ఎక్కువగా కాల్చేస్తోంది.

బట్టలు కత్తిరించే కత్తెరతోనే చీటీ కత్తిరించి, రాసి, మడిచి, కొడుకు సంచీలో పెట్టింది.

శనివారం భర్త ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆమె కోసం ఆగకుండా పొద్దున్నే వెళ్ళిపోయాడు. ఎవరి కోసమో ఆ ఇస్త్రీ అనుకుంటూ తనూ బయల్దేరింది.

క్లాసులో కొడుకు మార్కులు చూసింది. లెక్కల్లో ముప్ఫై ఒకటి. వరండాలో బేకరీ ఆవిడ ఎదురొచ్చి చేతులు పట్టుకుంది.

"అక్కా, మీ ఆయన ధర్మమా అని మావాడికి లెక్కల్లో డెబ్భై వచ్చాయి! ఆయనొచ్చి కూర్చుంటే గానీ మావాడు పుస్తకం తియ్యడు."

"సంతోషం," అంది టైలరమ్మ. ఆవిడ ఒంటిమీది జాకెట్టు తను కుట్టిందే. చంకల్లో ఇంకాస్త బిగించి ఉండాల్సింది అనిపించింది.

వరండాలో అందరూ మరుగుదొడ్డి తలుపు గురించీ, ఇంటిపని ఎక్కువైందనీ మాట్లాడారు. హెడ్మాస్టరు ఒక్కొక్కటీ రాసుకుని, ఏది ఎప్పటికి అవుతుందో, ఏది తన చేతిలో లేదో చెప్పాడు. తర్వాత విడిగా మాట్లాడాల్సిన వాళ్ళు గది బయట బెంచీ మీద కూర్చున్నారు.

"మీరు ముందు వెళ్ళండమ్మా," అని పక్కాయన జరిగాడు.

"వద్దు. వరస ప్రకారమే వెళ్తా."

ఆమె వంతు వచ్చింది. గదిలో హెడ్మాస్టరు, పక్కన క్లాసు టీచరు ఉన్నారు.

"కూర్చోండి," అన్నాడు హెడ్మాస్టరు. చీటీ విప్పి చదివాడు. "'మావాడికి ఇంట్లో తండ్రి ఉన్నాడు గానీ, సాయంత్రాలు వేరే పిల్లాడికి దక్కుతున్నాడు. వాడు లెక్కలు అడగడం మానేశాడు.' మీరు రాసిందేనా?"

"నేనేనండి. సంకోచించకుండా రాయమన్నారుగా."

ఆయన తల దించుకుని టీచరును అడిగాడు. "మీరేం గమనించారు?"

టీచరు ఇబ్బందిగా కదిలింది. "నాన్న గురించి అయిదు వాక్యాలు రాయమన్నానండి. అందరూ నిండా రాశారు. ఈ బాబు ఒక్కటే రాశాడు. 'మా నాన్న లెక్కలు బాగా చెప్తాడట.'"

టైలరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అంతవరకూ ఆమెలో రగిలిన అసూయంతా ఆ ఒక్క 'అట' దగ్గర దుఃఖంగా మారింది.

"మీరేం కోరుకుంటున్నారు?" అన్నాడు హెడ్మాస్టరు. రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ పిల్లాడికి చెప్పడం మానమనడం లేదు. వాణ్ణి మా ఇంటికే రమ్మనండి. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి చెప్పమనండి. టీ నేనే పెడతా."

ఆయన రిజిస్టరులో సమస్య రాశాడు, దాని కింద ఒప్పుకున్న పరిష్కారం రాశాడు, సోమవారం నుంచి మొదలని రాశాడు. నెల తర్వాత టీచరు మళ్ళీ చూసి చెప్పాలని కూడా చేర్చాడు. తల్లి గడిలో టైలరమ్మ సంతకం పెట్టింది.

"తండ్రిగారు కూడా పెట్టాలండి," అంది టీచరు నెమ్మదిగా.

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి, ఇస్త్రీ చొక్కా కొసతో తుడుచుకుని, తండ్రి గడిలో తన సంతకం పెట్టాడు.