జర కాలు దించున్రి

మేడ్చల్ బస్టాండ్ వెనక, ఎస్టీడీ బూత్ పక్క మడిగెలో బిందు కొత్తగా లేడీస్ పార్లర్ పెట్టింది.

సూరారంలో మొగుడు ధర్మేందర్ పని చేసే ఫ్యాక్టరీ మూతబడ్డది. ఇల్లు నడవాలంటే ఇగ ఈ మడిగె నడవాలె.

అప్పటిదాకా ఆ ఊళ్లో పార్లర్ అంటే నాగమణిదొక్కటే. బిందు ఆమె మొఖం కూడా చూసింది లేదు. అయినా కొత్త దుకాణం గద, వచ్చినోళ్లకల్లా నాగమణి దగ్గరికి పోతే జుట్టు మాడిపోతదట అని చెప్పేది. ఎవరన్నరంటే మాత్రం మాట మార్చేది. నోటికి తాళం ఉంటదా ఏంది?

ఒకరోజు నడివయసు ఆమె వచ్చింది. నడుం దాకా ఉంగరాల జుట్టు. దువ్వుకునే ఓపిక లేదు, భుజాల కిందికి ఉండేటట్టు కట్ చెయ్యమన్నది.

బిందు నీళ్లు చల్లింది, సాఫుగా దువ్వింది, కత్తెర పట్టింది.

చెయ్యి ఆడినంతసేపు నోరూ ఆడింది. నాగమణి ముచ్చటా వచ్చింది. ఆమె "అట్లనా" అన్నది.

ఆమె కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నది. అట్ల కూర్చుంటే నడుం ఒకదిక్కు ఒరుగుతది, భుజం ఒకటి దిగుతది. అల్వాల్‌లో పని నేర్పినామె మొదటిరోజే చెప్పిన మాట అది. కానీ పెద్దమనిషిని పట్టుకుని కాలు దించమని ఎట్లంటది? నా ముందల కాలేసుకుని కూసుంటవా అన్నట్టుండదూ? బిందు అట్లనే కట్ చేసి పంపింది.

నాలుగు రోజులకు ఆమె మళ్లీ వచ్చింది. దుకాణం నిండా ఆడోళ్లున్నరు. ఎండకు కొంగు మొఖం దాకా కప్పుకుని లోపలికొచ్చి, నవ్వి, బిందు చేతిలో ఒక కవరు పెట్టి వెళ్లిపోయింది.

బిందు పక్కకు పోయి విప్పింది.

"బిందు గారికి నమస్కారం. ఎంతో ఓపికగా నా జుట్టు కట్ చేసినందుకు సంతోషం. అయితే తలస్నానం చేసి ఆరబెట్టుకున్నాక, ఎడమవైపు కుడివైపు కంటే ఒక వేలు కిందికి ఉన్నది. నేను కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను, అందులో నా తప్పు కూడా ఉన్నది. ఉంగరాల జుట్టు తడి మీద సాగుతుంది, ఆరితే పైకి పోతుంది. అందుకని పొడవు నేను అడిగినదాని కంటే తగ్గింది. అది మళ్లీ పెరుగుతుంది, మీరు బాధపడవద్దు. కుడివైపు ముట్టకుండా, ఎడమవైపు మాత్రం దానికి సమానం చేస్తే చాలు. నూనె లేకుండా, పొడి జుట్టుతోనే వస్తాను. రేపు మధ్యాహ్నం మీ దగ్గర ఎవరూ లేని వేళ చూసి వస్తాను. ఈసారి కాలు దించమని మొహమాటపడకుండా చెప్పండి. ఏమీ అనుకోను. ఇట్లు, మీ కస్టమర్."

బిందు కాయిదం గబగబ మడిచి దాచింది. ఇదే మాట నలుగురిలో అంటే దుకాణం ఆ పూటకే ఖతం. నాగమణి చెవిన పడితే ఊరంతా డప్పు కొట్టదా?

కానీ ఆమె అనలేదు. కాయిదం మీద రాసి, చేతిలో పెట్టి పోయింది. బిందు ఆ పూటంతా ఆమెకు మనసులోనే మొక్కింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతది, మళ్లా కాలు మీద కాలే.

"అక్కా, జర కాలు దించున్రి" అన్నది బిందు, మెల్లగ.

ఆమె నవ్వి రెండు పాదాలూ నేలకు ఆనించింది.

ఈసారి బిందు నీళ్లు ముట్టలేదు. తల నిటారుగా నిలిపి, నడిమికి పాపిట తీసింది. చెవుల ముందరి నుంచి రెండుదిక్కులా ఒక్కో పాయ తీసుకుని గదువ కిందికి తెచ్చి పోల్చింది. ఎడమది కిందికి దిగింది. ఇంకో పాయ, ఇంకో పాయ. గుంజకుండా, ఉంగరం ఎట్ల ఉన్నదో అట్లనే వేళ్ల నడుమ పట్టి, కత్తెర అడ్డం పెట్టకుండా కొనతోటి నిలువుగ కొంచెం కొంచెం తీసింది. తల విదిలించమన్నది. మళ్లా పోల్చింది. రెండూ ఒక్కతీరుగ వచ్చినయి.

అద్దంలో చూసుకుని ఆమె లేచింది.

"చెయ్యి మంచిదే బిడ్డా. అడగాల్సిన కాడ నోరు తెరువు, అక్కర్లేని కాడ మూసుకో. దుకాణం అదే నడుస్తది."

బిందుకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పేరడిగింది. మళ్లొచ్చినప్పుడు చెప్తలే అని ఆమె బస్సుకు పోయింది.

మళ్లా రాలేదు.

వచ్చింది మాత్రం గిరాకి. గుండ్లపోచంపల్లి నుంచి, శామీర్‌పేట నుంచి, ముక్కూమొఖం తెల్వనోళ్లంతా ఈ మడిగెనే వెతుక్కుంట వచ్చిన్రు. బిందు ఎల్లమ్మకు బోనం మొక్కుకున్నది.

ఉండబట్టలేక ఒకనాడు అట్ల వచ్చిన బాలమణి అనే ఆమెను అడిగింది, ఎవరు పంపిన్రని.

"నాగమణక్క" అన్నది బాలమణి.

కీళ్లనొప్పులకు వేళ్లు పట్టేసి దినమంతా కత్తెర పట్టుడు నాగమణికి కాలేదట. దుకాణం మూసి కామారెడ్డిలో చెల్లె దగ్గరికి పోయిందట. పోయేముందు గిరాకోళ్లందరికీ చెప్పిందట, ఇగ బిందు దగ్గరికే పోన్రని.

ఆమె గురించి తను ఊరంతా అన్న మాటలు బిందుకు యాదికొచ్చినయి.

"నన్నెన్నడు చూడలే గద, నా పని ఆమెకెట్ల ఎరుక?"

"అగో, గట్లంటవేంది? ఆ అక్క ఉంగరాల జుట్టు కట్ చేసింది నువ్వే గద."