ఏడో అంకె

ఉద్యోగానికి పరీక్షగా సరిచేయమని ఇచ్చిన ఈ పెన్షన్ల పట్టికలో జెస్సీకి తప్పు రావాలి. తప్పొస్తే ఆత్మకూరు కంప్యూటర్ సెంటర్లో ఉద్యోగం రాదు, నాయన నెల్లూరు కాలేజీకి పంపుతాడు.

"పెన్షన్ నంబర్లన్నీ ఆరంకెలుండాల," అన్నాడు తోడుగా వచ్చి పక్కన కూర్చున్న తాత వెంగయ్య, బ్యాంకు గుమాస్తాగా రిటైరైనవాడు. "ప్రతిదానికీ ముందు ఆరు సున్నాలు తగిలించి, కుడివైపు నుంచి ఆరంకెలే తీసుకోమని మిషనుకు చెప్పు. 412 కాస్తా 000412 అవుద్ది."

జాబితాలో 5000412 కూడా ఉంది. జెస్సీ చూసింది. చూసి కూడా మీట నొక్కింది. రెండూ 000412 అయ్యాయి.

తాత తెరకేసి వంగాడు. "చూళ్ళేదంటే నమ్ముతానా? అవ్వ దాచిన అరిసెలు పసిగట్టేదానివి."

జెస్సీ తల వంచుకుంది.

"ఆ ఏడంకెలది దుత్తలూరు కామాక్షమ్మది. మొగుడు పోయి మూణ్ణెల్లు. ఆమె పైకం ఇంకెవరి ఖాతాకో పోతాది."

జెస్సీ ఏడంకెల నంబర్లన్నీ ఏరి, పెన్షనాఫీసునడగాలని పక్కన పెట్టింది. మిగతావి మళ్ళీ సరిచేసింది. ఒక్కటీ తప్పు పోలేదు.

సెంటరు నడిపే పెంచలప్రసాద్ వచ్చి చూశాడు. "రేపట్నుంచి రామ్మా."

తాత మురిసిపోయాడు. "లెయ్యి, బస్సు పోతాది," అన్నాడు.

జెస్సీ కుర్చీలోంచి లేవలేదు. ఎటూ రేపు దీన్లోనే కూర్చోవాలి.