గూడకొంగల వరుసకు కొత్త పెద్ద

ఒక చెరువులో గూడకొంగలు అర్ధచంద్రంలా వరుసకట్టి, చేపల్ని ఒడ్డు వైపు తోలి పట్టుకునేవి. ముసలి గూడకొంగ తన తర్వాత వరుసను నడపమని ధవళుణ్ణి నియమించింది. ధవళుడితో కలిసి వేట నేర్చుకున్న మందరుడికి అది మింగుడుపడలేదు.

"నిన్నటిదాకా నా పక్కన ఈదినవాడు ఈరోజు నాకు చెప్పేదేమిటి?" అని అందరి ముందే అన్నాడు. వేటలో ధవళుడు వరుస కొసలు మూయమని సైగ చేస్తే కావాలనే ఆలస్యం చేసి సందు వదిలాడు. ఆ సందులోంచి చేపలన్నీ జారిపోయాయి. గూళ్లలో పిల్లలు పస్తులున్నాయి.

ధవళుడు మందరుణ్ణి ఒక్కణ్ణే తుంగ చాటుకు పిలిచాడు.

"ఈ చోటు నీకు వస్తుందనుకున్నావు. బాధ ఉంటుంది. నాకు వచ్చినందుకు క్షమించమని మాత్రం అడగను. నాతో పేచీ ఉంటే ఇక్కడ చెప్పు, వింటాను. నీళ్లలో సందు వదిలితే ఊరుకోను. పిల్లల కడుపు మాడుతుంది."

"చేప ఎటు మళ్లుతుందో నీకంటే నాకే బాగా తెలుసు."

"నిజమే. అందుకే కుడి కొస నీకిస్తున్నాను. ఎప్పుడు మూయాలో అక్కడ నువ్వే చెప్పు. నేనూ నీ మాట మీదే తిరుగుతాను."

మర్నాడు మందరుడు కేక వేయగానే అందరికంటే ముందు ధవళుడే తిరిగాడు. అందరి ముక్కు కింది సంచులు చేపలతో నిండాయి. "ఇవాళ్టి వేట మందరుడి చలవ" అని అతను ముసలి గూడకొంగకు అందరి ఎదుటా చెప్పాడు.

మందరుడు నోట్లో చేప మింగి, "ఆ చోటు నాకే రావాల్సింది. ఇప్పటికీ అదే అంటాను" అన్నాడు.

"అనుకో. రేపు పొద్దున్నే రా" అన్నాడు ధవళుడు.

మందరుడు అందరికంటే ముందే వచ్చాడు.