ఎవరూ అడగని కార్డు

రైతుల యాప్ డెమోకి ఇరవై నిమిషాలున్నాయనగా, పనుల బోర్డులో ‘బ్లాక్డ్’, అంటే ఆపిన పనుల కింద ఒక కార్డు కొత్త టెస్టర్ నిషాత్ కంటబడింది: రొయ్యల గుంటలో ఆక్సిజన్ తగ్గితే రైతుకు మెసేజ్.

“జడ్సన్ అన్నా, ఇది టెస్టు చేయనేలేదే!”

“మెసేజ్ వాక్యానికి టెలికాం వాళ్ల అనుమతి రాలేదని ఆపినాం గదమ్మా,” అన్నాడు టీమ్ లీడరు.

“వచ్చి పన్నెండు రోజులైందన్నా, కార్డులోనే రాసుంది. రోజూ మీటింగులో నడిచే కార్డుల్నే అడుగుతాం, ఆగినదాన్ని ఎవరడిగినారు?”

నిషాత్ యాప్‌లోని టెస్టు గుంటలో ఆక్సిజన్ అంకెను రెండుకు దించింది. తెర ఎర్రబడింది కానీ ఫోను మోగలేదు. అనుమతి వచ్చిన వాక్యం ఒకటి, కోడులో ఉన్నది ఇంకొకటి; రెండూ కలవకపోతే మెసేజ్ పోదు.

“తెర చూపించు చాలు. మెసేజ్ సంగతి ఎత్తబాక,” అన్నాడు జడ్సన్.

డెమోలో రైతు దరియావలి లేచాడు. “ఇంక రాత్రిళ్లు గుంట కాడ కాపలా మానేయొచ్చా అమ్మా?”

నిషాత్ జడ్సన్ వైపు చూడలేదు.

“ఇప్పుడే మానబాక చాచా. మెసేజ్ ఇంకా పోవడంలేదు.”