కిటికీ కింది బల్ల

స్నేహితుడి కొత్త ఇంటి ఫోటోలు ఇరవై మూడు వచ్చాయి. వచ్చి రెండు రోజులైంది. గ్రూపులో మిగతా నలభై మందీ శుభాకాంక్షలు చెప్పేశారు. నేనొక్కణ్ణే మిగిలాను.

ఇంకెవరివైనా అయితే ఒక బొటనవేలి బొమ్మ పడేసి నా పని నేను చూసుకునేవాణ్ణి. వీడు ఇరవై ఏళ్ల స్నేహితుడు. పైగా వాడి గృహప్రవేశానికి నేను వెళ్లలేదు. ఫ్యాక్టరీలో అర్జెంటు పని ఉందన్నాను. ఆ రోజు నేను చేసిన అర్జెంటు పని ఇంట్లో దుప్పటి ముసుగేసుకుని పడుకోవడం. ఇప్పుడు ఈ జవాబైనా సరిగ్గా రాయకపోతే, నాకున్న ఒక్కగానొక్క స్నేహితుడు చేజారిపోతాడని భయం పట్టుకుంది.

ఆ ఇంటి కోసం వాడు పడ్డ అవస్థ నాకు బాగా తెలుసు. అంతా కుదిరిందనుకున్నాక ఎవరో మధ్యలో దూరి ఆ ఇల్లు తనకే కావాలని పట్టుబట్టారు. నెల రోజులు వాడికి కంటి మీద కునుకు లేదు. రోజూ నాకు ఫోన్ చేసి ఆ మనిషిని తిట్టేవాడు. నేనూ వంత పాడేవాణ్ణి. 'ఎవడో వెధవ' అన్న మాట మొదట అన్నది నేనే. చివరికి ఆ వెధవ వెనక్కి తగ్గాడు, ఇల్లు వీడికి దక్కింది.

సరే, జవాబు రాయడానికి కూర్చున్నాను. రేకు డబ్బాల ఫ్యాక్టరీలో సొట్టలు పట్టుకోవడం నా ఉద్యోగం. పదహారేళ్లుగా అదే చూపు. అందుకని మొదటి జవాబు ఇలా వచ్చింది: 'ఇల్లు బాగుందిరా. బాల్కనీ రెయిలింగు కాస్త పొట్టిగా ఉంది, చూసుకో.'

మా ఆవిడ చదివి ఫోన్ లాక్కుంది. ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు. ఇంట్లో కూడా ఎర్ర పెన్ను పక్కన పెట్టదు. కొత్తింట్లో చేరినవాళ్లకి సలహాలివ్వకూడదట. ఎంతైందని అడగకూడదట. మన ఇంటితో పోల్చకూడదట. ఊరికే 'చాలా బాగుంది' అంటే ఫోటోలు తెరిచి కూడా చూడలేదని అర్థమట.

"ఏదైనా ఒక్కటి పట్టుకోండి," అంది. "అందరిళ్లలో ఉండేది కాదు, ఆ ఇంట్లోనే ఉన్నది. అక్కడ వాళ్లేం చేసుకుంటారో రాయండి. అంతే, ఆపేయండి."

'హాలు ఎంత పెద్దదిరా, మా హాల్లో అయితే సోఫా పక్కన మనిషి పక్కకి తిరిగి నడవాలి' అని రాశాను. పోలిక అని కొట్టేసింది. 'టైల్స్ తళతళలాడుతున్నాయి' అన్నాను. ఆసుపత్రిలో కూడా తళతళలాడతాయంది. నా ముప్పై ఐదు మార్కుల చదువు మళ్లీ కళ్ల ముందు కనబడింది.

పదిహేడో ఫోటో దగ్గర ఆగాను. అది వంటగది. కిటికీ కింద గోడకి ఆనించి కట్టిన చెక్క బల్ల. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరికి పరిచిన పసుపు కుషన్. ఆ పైన వాళ్ల పాప కాళ్లూపుకుంటూ కూర్చుని ఉంది. ముందు పళ్లు రెండూ లేవు, అయినా నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆ ఇల్లు వాడికి దక్కడమే మంచిదైందని మొదటిసారి మనస్ఫూర్తిగా అనిపించింది.

ఇక ఎవరినీ అడగలేదు. గబగబా రాసేశాను.

'అన్నిటికన్నా వంటగది కిటికీ కింది బల్ల నచ్చిందిరా. పొద్దున్నే పాప అక్కడ కూర్చుని బొమ్మలేసుకుంటుంది, బడి టైమయ్యేసరికి బల్ల మూత ఎత్తి రంగు పెన్సిళ్లన్నీ లోపల పడేసి పరిగెడుతుంది. మీ ముగ్గురికీ శుభాకాంక్షలు.'

మా ఆవిడ రెండుసార్లు చదివింది. ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. పెళ్లయిన పన్నెండేళ్లలో నేను పాసైన మొదటి పరీక్ష ఇదే. గ్రూపులో కాకుండా విడిగా వాడికే పంపాను.

వెంటనే చూశాడు. ఏదో రాస్తున్నట్టు కనబడింది, ఆగింది. మళ్లీ రాయడం మొదలైంది, మళ్లీ ఆగింది.

"కళ్లు తుడుచుకుంటున్నట్టున్నాడు," అన్నాను మా ఆవిడతో, కాలు మీద కాలేసుకుని.

అప్పుడు వచ్చింది జవాబు.

'ఆ బల్లకి మూతుందని మా పాపకే ఇంకా తెలీదురా, ఇల్లు అమ్మినావిడ అది ఎత్తి చూపించింది ఇద్దరికేనట, నాకూ, నాకు అడ్డొచ్చిన ఆ వెధవకీ.'