ఇంక లేనివి

"వాడు ఈల ఏసేవాడా?"

కుప్పంలో కాలేజీ ఎదురుగా టీ అంగడి బెంచీ మీద కూర్చున్న ధనుష్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. హాస్టల్లో గంగాధరం కొడుకు భరత్‌తో ఒకే గదిలో ఉన్న కుర్రాడు అతడు.

"ఈలా అంకుల్?"

"ఊ. నీళ్లు పోసుకునేటప్పుడు." గంగాధరం కూర్చోలేదు. బైకు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నిలబడే ఉన్నాడు.

"వానికి ఈల ఏసేదే రాదంకుల్. మేము నేర్పిస్తే ఉత్త గాలే వచ్చేది."

"పోనీ, టిఫిన్లో మిరపకాయలు ఏరి పక్కోళ్ల ప్లేట్లో ఏసేవాడా?"

"వాడా? మా ప్లేట్లో ఉండేటివి కూడా వాడే తినేసేవాడు."

"నిద్దట్లో నవ్వేవాడా?"

"కొయ్య మాదిరి పడుకునేవాడు. యాల అంకుల్, ఇవన్నీ అడగతాండారు?"

గంగాధరం జేబులోని కాగితం తీసి మళ్లీ చూసుకున్నాడు. నిన్న పొద్దున భార్య వసుధ దాన్ని అతని చేతిలో పెట్టి, "సదువు" అంది. అంతే. ఇంకో మాట లేదు. అందులో ఉన్నది కూడా కొంచెమే.

*ఇంక లేనివి*
*స్నానాలగదిలో ఈల.*
*నా ప్లేటులోకి వచ్చి పడే మిరపకాయలు.*
*రోడ్డు దాటేటప్పుడు నా మోచేతి మీద చెయ్యి.*
*నిద్రలో నవ్వు.*

ఒక్కగానొక్క కొడుకు భరత్ డెంగీతో పోయి మూడు నెలలయింది. అప్పటినుంచీ గంగాధరానికి కాలు నిలవడం లేదు. మదనపల్లె టమోటా మండీలో పని ముగిసినా ఇంటికి పోబుద్ధి కాదు. సదుం అని, రామసముద్రం అని ఏదో పని కల్పించుకుని తిరుగుతాడు. ఇంటికొస్తే ప్లేటులో ఏముందో చూడకుండా మింగి మళ్లీ లేస్తాడు. నిద్ర సంగతి సరేసరి. మొన్న వసుధను పుంగనూరు బస్సెక్కించడానికి పోయి, ఆమె వెనక వస్తోందన్న మాటే మరిచి తానొక్కడే రోడ్డు దాటేశాడు.

ఆ కాగితం చదివినప్పుడు మొదట సిగ్గేసింది. తెల్లారకముందే మండీకి పోయే తండ్రి, కొడుకు ఈల ఎప్పుడు వినుంటాడు? కన్నవాణ్ణే ఎరగనివాడు తండ్రేమిటని ఒళ్లంతా ఒకటే మంట. అందుకే కుప్పం దాకా వచ్చాడు. తీరా ఇక్కడ అడిగినవాటిలో ఒక్కటీ నిజం కాదని తేలింది. ఇప్పుడు సిగ్గు పోయి భయం పట్టుకుంది. లేని కొడుకును ఊహించుకుని రాస్తోందా? కొడుకు పోయాడు, వసుధ కూడా చేజారిపోతోందా?

తిరుగుదారిలో పుంగనూరులో బైకు ఆపాడు. అక్కడ అమరావతమ్మ ఉంటుంది. నర్సుగా చేసి రిటైరైన మనిషి. తన భర్త పోయాక రాయడం మొదలుపెట్టి, ఇప్పుడు బుధవారాల్లో తన వసారాలో వసుధ చేత, మరికొందరి చేత రాయిస్తోంది. "ఏడిసేదానికి కూడా క్లాసులా?" అని గంగాధరం ఒకసారి వెక్కిరించాడు కూడా.

"ఈ రాతలేందమ్మా? ఆమె రాసిండేదంతా అబద్ధం," అన్నాడు వసారా ఎక్కకుండానే.

"నేను సదవలేదప్పా. ఈడ యెవురు రాసింది వాళ్ల దగ్గరే ఉంటాది. ఇయ్యాలనుకున్నోళ్లకు ఇస్తారు."

"మతి చెడిపోదు కదా?"

"బాధలో ఉండే మనిషిని మొత్తం కథ రాయమంటే రాయలేరప్పా. ఆస్పత్రి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతాది. దానికే ముక్కలు. పైన ఒక పేరు పెట్టుకునేది, కింద ఒక్కో వరసా రాసుకునేది. మంచోడు, గొప్పోడు అని కాదు. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది, చేతికి తగిలింది. తప్పులు దిద్దేది లేదు, అతికించేది లేదు. పది నిమిషాలు, అంతే. తట్టుకోలేకపోతే ఆపేసి గిన్నెలు కడుక్కోమంటా."

"రాస్తే తగ్గిపోతాదా?"

"రాసిన పూట ఇంకా బరువవుతాది. తగ్గేది మెల్లగా. యెవురికైనా తగ్గకుండా ముదరతా ఉంటే డాక్టరు దగ్గరికి తోలుకుపోతా." ఒక కాగితం, పెన్ను అందించింది. "నువ్వు రాయి, సూద్దాం."

గంగాధరం పిట్టగోడ మీద కాగితం పెట్టి నిలబడే రాశాడు. *మంచి పిల్లోడు.* ఛీ అనిపించి తానే కొట్టేశాడు. చాలాసేపు పెన్ను కదల్లేదు. తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి.

*పచ్చిమిరపకాయ కొరికి, మజ్జిగ.*
*వాకిట్లో ఒక చెప్పు తిరగబడి.*
*ఏదైనా అడిగే ముందు తల గోక్కునేది.*
*ఆస్పత్రిలో నా చొక్కా గుండీ పట్టుకుని నిద్ర.*

రాయడం ఆపాక చూసుకుంటే మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు కూర్చున్నాడో తెలియదు. కొడుకు పోయాక మొదటిసారి గట్టిగా ఏడ్చాడు. అమరావతమ్మ ఓదార్చలేదు, మంచినీళ్ల చెంబు పక్కన పెట్టి లోపలికి పోయింది.

మదనపల్లెలో ఇల్లు చేరేసరికి వసుధ అనపకాయలు ఒలుస్తోంది. గంగాధరం ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడి తన కాగితం ఇచ్చాడు. ఆమె చివరి వరస దగ్గర ఆగిపోయింది.

"గుండీ పట్టుకునింది నేను సూడలేదే."

"నువ్వు బట్టలు తెచ్చేదానికి ఇంటికి పోయింటివి."

వసుధ ఆ వరస మీద వేలు పెట్టి కళ్లు తుడుచుకుంది. "వాడే. అచ్చం వాడే."

"మరి నువ్వు రాసిండేదాంట్లో ఒక్కటన్నా వాడు లేడే?" గంగాధరం రెండో కాగితం తీశాడు. "కుప్పం పోయి ధనుష్‌ని అడిగితి. వాడు ఈల ఏసిందే లేదంట. యాల వసుధా అట్ల రాసినావు?"

"కుప్పం పోయి అడిగినావా?" ఆమెకు ఏడుపులోనే నవ్వు లాంటిది వచ్చింది. "ఈడుండే నన్ను అడగొచ్చు కదా."

"సరే, అడగతాండా. సెప్పు."

వసుధ ఆ కాగితం తీసుకుని అతని ఒళ్లో పెట్టింది.

"ఇవి వానివి కాదు, నీవి."